తొమ్మిది రెట్ల జలపాతం

పెదనాన్నకు బొమ్మ చూపించాలంటే ఒక పద్ధతి ఉంది. అందులో ఏం మార్చామో ముందుగా చెప్పకూడదు. చెబితే కళ్ళు ఆ మార్పునే వెతుక్కుంటాయి తప్ప బొమ్మను చూడవని ఆయన వాదన. చూపించేవాళ్ళు తెర వైపు చూడకూడదు కూడా. తెర పక్కన కూర్చుని, చూసేవాడి మొహం చూడాలి. నచ్చితే ఆయన "అదీ" అంటాడు. అప్పుడు ఏం మార్చారో పూసగుచ్చినట్టు చెప్పాలి, ఆయన తలాడిస్తూ వింటాడు. నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో నాలుగు ముక్కల్లో చెప్పి లేచిపోతాడు. ముప్పై ఏళ్ళ కిందట నలుగురు కలిసి నడిపిన ఒక వీడియో ఆటల కంపెనీలో ఆయన పెట్టిన రూలు ఇది. కంపెనీ మూతపడింది, ఆ నలుగురూ తలో దిక్కు అయ్యారు, రూలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ "అదీ" కోసం పిచ్చుక ఏడాదిగా ఆయన ఇంటి మెట్లు ఎక్కి దిగుతోంది. పిచ్చుక అంటే ఆయన తమ్ముడి కూతురు. చిన్నప్పుడు ఆయన గ్రాఫ్ కాగితం మీద రంగు పెన్సిళ్ళతో ఒక్కో గడీ నింపుతుంటే బల్ల అంచున ఎక్కి కూర్చునేది, ఒక్క క్షణం నోరు మూసేది కాదు. అలా వచ్చింది ఆ పేరు. ఇప్పుడు నలభైకి దగ్గరపడింది, చెవుల దగ్గర జుట్టు నెరిసింది, సొంత స్టూడియో ఉంది. ఆయన నోట్లో మాత్రం ఇంకా పిచ్చుకే.

స్టూడియో అంటే ఏదో ఊహించుకోవద్దు. రెండు గదులు, ఇద్దరు మనుషులు. ఒకరు ఆమె, రెండోవాడు ఆమెతో చదువుకున్న ప్రోగ్రామరు. పాత ఆటలను ఇప్పటి టీవీల్లో ఆడుకునేలా తిరిగి తయారుచేయడం వాళ్ళ పని. ఈసారి చేతికొచ్చింది పెదనాన్న గీసిన ఆట. లాంతరు పట్టుకున్న ఒక పొట్టి మనిషి గుహల్లో దిగుతూ పోతాడు. పది అంకాలు. ఐదో అంకంలో రెండు రాతి స్తంభాల నడుమ ఒక జలపాతం ఉంటుంది, దాని వెనక దారి ఉంటుంది. ఆ ఆట ఆడిన వాళ్ళెవరిని కదిపినా ముందు ఆ జలపాతం గురించే చెబుతారు.

ఇంతకుముందు ఇంకో కంపెనీ ఇదే ఆటను ఫోన్లలోకి తెచ్చింది. తెర నిండాలని ఎటుబడితే అటు సాగదీసింది. పొట్టి మనిషి అడ్డంగా ఊరిపోయి, గుండ్రటి లాంతరు గుమ్మడికాయలా తయారైంది. అది చూసిన రోజు పెదనాన్న ఎవరితోనూ మాట్లాడలేదని పెద్దమ్మ చెప్పింది. అందుకే ఈసారి ఒప్పందంలో ఒక వాక్యం పట్టుబట్టి రాయించుకున్నాడు. తెర మీద ఆట ఎలా కనిపించాలో ఆయన చూడాలి, ఫలానా వెర్షన్ అని నంబరు వేసి సంతకం పెట్టాలి, ఆ తర్వాతే విడుదల.

విడుదల వచ్చే నెల మొదటివారంలో. కానీ పిచ్చుకకు అసలు బెంగ తేదీ గురించి కాదు. తేదీలు జరుగుతాయి, జరుపుకోవచ్చు. చిన్నప్పటి నుంచి ఈనాటి దాకా ఆమె చేసిన ఏ పనికీ ఆయన ఒక్కసారి కూడా "అదీ" అనలేదు. ఊఁ అన్నాడు, ఫరవాలేదన్నాడు, ఇంకొంచెం చూడమన్నాడు. ఆయన సొంత బొమ్మను ఆయనకే తిరిగి చూపించి ఆ ఒక్క మాట అనిపించుకోవాలని ఆమె పంతం.

మొదటి వెర్షన్ పట్టుకొచ్చిన రోజు ఎంత ధీమాగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. లెక్క అంత చక్కగా కుదిరింది మరి. ఆట గీసింది అడ్డం మూడువందల ఇరవై, నిలువు రెండువందల నలభై చుక్కల్లో. పెదనాన్న ఇంట్లో ఉన్న పెద్ద టీవీకి నిలువునా రెండువేల నూట అరవై చుక్కలు. సరిగ్గా తొమ్మిది రెట్లు. పాత చుక్క ఒక్కొక్కటీ అడ్డం తొమ్మిది, నిలువు తొమ్మిది చుక్కల నిఖార్సయిన చతురస్రం అవుతుంది. మిగిలేది అటూ ఇటూ నల్లటి ఖాళీ. స్టూడియోలో ఉన్న పాత మానిటర్ మీద ఈ సుఖం లేదు. దానికి వెయ్యీ ఎనభై గీతలే, అంటే నాలుగున్నర రెట్లు. అర చుక్క అనేది తెర మీద ఉండదు కాబట్టి ఒక వరుస నాలుగు, పక్క వరుస ఐదు అవుతుంది. పొట్టి మనిషి నడుస్తుంటే ఒక కన్ను లావెక్కుతుంది, మరుక్షణం రెండోది లావెక్కుతుంది. అందుకే ఆ తెర మీద నాలుగు రెట్లకే ఆపి చుట్టూ నల్లంచు వదిలేయాలి. పూర్ణసంఖ్య రెట్లే పెంచు, మధ్యరకం వద్దు. ఇంటిజర్ స్కేలింగ్ అంటే ఇంతే.

ఆ తొమ్మిది రెట్ల బొమ్మ, ఏ ఫిల్టరూ లేకుండా, కత్తితో కోసినట్టు అంచులతో, టీవీ మీద వెలిగింది. పిచ్చుక పద్ధతి ప్రకారం టీవీ పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన మొహం చూసింది. ఆయన ఆడుకుంటూ ఐదో అంకానికి వెళ్ళాడు. మొహం గంటు పెట్టుకున్నాడు.

"ఏంటే ఇది? నీళ్ళేవీ?"

"అవే కదా పెదనాన్నా!"

"ఇవి నీళ్ళా? జైలు ఊచల్లా ఉన్నాయి. తీసెయ్."

తప్పు ఆమెదే, ఆయన్ని అనడానికి లేదు. ఆ రోజుల్లో ఆ యంత్రానికి పారదర్శకంగా రంగు వేయడం చేతకాదు. పెదనాన్న ఒక తెలివి చేశాడు. ఒక నిలువు వరుస లేత నీలం, పక్క వరుస ఖాళీ, మళ్ళీ నీలం, మళ్ళీ ఖాళీ. పసుపు పిన్ను కేబుల్ గుండా పాత టీవీకి వెళ్ళేసరికి పక్కపక్క చుక్కలు ఒకదాంట్లోకి ఒకటి కారి, ఆ ఊచలన్నీ కరిగి పల్చటి నీటి తెర అయ్యేవి. వెనక రాళ్ళు మసగ్గా కనిపించేవి. ఆయన గీసింది ఊచలు, చూపించింది నీళ్ళు. ఇప్పటి టీవీ గీసింది గీసినట్టు చూపిస్తుంది, అదే దాని పాపం.

రెండో వెర్షన్లో స్కాన్‌లైన్లు పెట్టింది. పాత టీవీ ఆ ఆటల బొమ్మను గీత విడిచి గీత గీసేది, మధ్యలో సన్నటి చీకటి ఉండేది. ఇప్పుడు ప్రతి తొమ్మిది గీతల్లో ఆరింటిని వెలిగించి మూడింటిని చీకటి చేస్తే ఆ పాత తీరు వస్తుంది. బొమ్మకు ఒక నిండుదనం వచ్చింది గానీ ఊచలు అక్కడే ఉన్నాయి. స్కాన్‌లైన్లు అడ్డంగా నడుస్తాయి, ఊచలు నిలువుగా ఉన్నాయి. ఇవి వాటిని ఎలా కరిగిస్తాయి? ఇంత చిన్న సంగతి తనకు ఎందుకు తట్టలేదా అని ఆమె తలపట్టుకుంది. పైగా ఆ రోజు టీవీ తన సొంత తెలివితో బొమ్మను కొద్దిగా పెంచి అంచులు కత్తిరిస్తోంది. దాంతో తొమ్మిది కాస్తా తొమ్మిదీ చిల్లర అయి, స్కాన్‌లైన్లు చిక్కగా పల్చగా పట్టీలు కట్టాయి. సెట్టింగుల్లోకి పోయి దాన్ని ఆపడానికి, షార్ప్‌నెస్ సున్నాకు తేవడానికి అరగంట పట్టింది. పెదనాన్న ఆ అరగంటా రిమోట్ వైపు శత్రువును చూసినట్టు చూశాడు.

అక్కణ్ణుంచి అసలు యుద్ధం. బొమ్మను పెంచకముందే, అసలు కొలతలో ఉన్నప్పుడే, పక్కపక్క చుక్కలను అడ్డంగా కొంచెం కలపాలి. ఆపైన తొమ్మిది రెట్లు చేయాలి. ఆపైన స్కాన్‌లైన్లు వేయాలి. కలపడం ఎక్కువైతే నీళ్ళు బాగుంటాయి, పొట్టి మనిషి మొహం చెదిరిపోతుంది. తక్కువైతే మొహం బాగుంటుంది, ఊచలు బయటపడతాయి. పోల్చుకుందామంటే పెదనాన్న పాత టీవీ ఎప్పుడో కాలిపోయింది. వాళ్ళు ఎక్కడెక్కడో వెతికి సంపాదించిన ఇంకో పాత టీవీలో రంగులు వేరు, మెరుపు వేరు. అసలు జలపాతం ఎలా ఉండాలో తెలిసింది పెదనాన్న కళ్ళకు మాత్రమే.

ఏడో వెర్షన్‌లో ఆయన జలపాతం ముందు పొట్టి మనిషిని అటూ ఇటూ నడిపించాడు.

"నీళ్ళు..." అన్నాడు చివరికి. "ఊఁ. నీళ్ళు వచ్చాయి. కానీ స్తంభాలేంటి, వంకరగా ఉన్నాయి?"

"వంకరా?"

"నడుమ దగ్గర వంగాయి. కళ్ళు పెట్టి చూడు."

చూసింది. స్కేలు పెట్టి చూసింది. స్టూడియోకి వెళ్ళి ప్రోగ్రామరుకు చెబితే అతను తెరను అలాగే ఫొటో తీసి చుక్క చుక్కా లెక్కపెట్టాడు.

"మన వైపు ఒక్క చుక్క కూడా జరగలేదు. తొమ్మిది రెట్లు చేస్తే నిలువు గీత వంకర పోవడం జరిగే పనే కాదు. మీ పెదనాన్న మనతో ఆడుకుంటున్నాడు."

"ఆయన ఆడుకునే రకం కాదు."

"అయితే టీవీకి దెయ్యం పట్టింది."

ఎనిమిదికీ స్తంభాలు వంకరే. తొమ్మిదికి వంకరతో పాటు చీకటి. స్కాన్‌లైన్ల వల్ల వెలుగు తగ్గుతుందని ఆమెకు ముందే తెలుసు, అందుకే వెలిగే గీతల కాంతి పెంచింది. ఆయనకు చాలలేదు. పదికి చీకటి గీతలను ఇంకా పల్చన చేసింది. "చీకటి" అన్నాడు. పదకొండుకు ఇంకా. "గుహలో లాంతరు ఆర్పేశావా?" అన్నాడు. ఆమెకు తల ప్రాణం తోకకు వచ్చింది. ఆ మధ్య ఆయన కూర్చోవడం కూడా మారింది. తెరకు ఎదురుగా కాకుండా కుర్చీ పక్కకు తిప్పుకుని, ఏదో అలిగినట్టు ఓరగా చూసేవాడు. మూడో అంకంలో కళ్ళు మూసుకుని కూడా దాటేయగల గోతిలో పడ్డాడు, పడి కంట్రోలర్‌ను తిట్టాడు. ముసలితనం వస్తే చాదస్తం కూడా వెంట వస్తుంది కాబోలని ఆమె సరిపెట్టుకుంది.

ఒక్కటి మాత్రం ఆమెకు సంతోషం కలిగించింది. వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక గళ్ళ కాగితం అంటించి ఉంది. తెల్ల కాగితం, నల్ల గళ్ళు, సరిగ్గా నడుమ ఒక చుక్క. పాత రోజుల్లో ఆయన బొమ్మ మొదలుపెట్టే ముందు గ్రాఫ్ కాగితం నడుమ అలాగే చుక్క పెట్టుకునేవాడు. మళ్ళీ గీయడం మొదలుపెట్టాడన్నమాట! అడిగితే గుట్టు బయటపడిందని చించేస్తాడని తెలుసు, అందుకని ఊరుకుంది. వచ్చినప్పుడల్లా గళ్ళు నిండాయేమోనని ఓరకంట చూసేది. ఏనాడూ ఒక్క గడీ నిండలేదు.

పన్నెండో వెర్షన్ ఒక ఆదివారం మధ్యాహ్నం తీసుకొచ్చింది. ఎప్పుడూ తెచ్చే కంప్యూటర్ ఉదయమే మొరాయించింది. ప్రోగ్రామరు ల్యాప్‌టాప్ అడిగి, అందులోకి ఆట ఫోల్డరు మొత్తం ఎక్కించుకుని వచ్చింది. పెదనాన్న కుర్చీ ఓరగా తిప్పుకుని అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. ఆమె టీవీ వెనక కేబుల్ పెట్టింది, ఆట తెరిచింది, కంట్రోలర్ ఆయన చేతికిచ్చి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది.

ఆయన వేళ్ళు ఆడాయి. ఒక్కో అంకం పాట మారుతుంటే ఆయన ఎక్కడున్నాడో ఆమెకు తెరను చూడకుండానే తెలుస్తోంది. ఐదో అంకం పాట మొదలైంది. నీటి చప్పుడు వచ్చింది. ఆయన వేళ్ళు ఆగాయి.

ఆయన మొహం విచ్చుకోవడం ఆమె చూసింది. కనుబొమలు లేచాయి. కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అదీ," అన్నాడు.

ఆమెకు మొదట వినబడిందో లేదో తెలియలేదు.

"అదీ! ఇన్నాళ్ళకు పట్టావే పిచ్చుకా. ఎంత వెలుగుందో చూడు. నీళ్ళు ఒక్క తెరలా జారుతున్నాయి. ఇలాగే పంపించు, ఇందులో ఇంకేం ముట్టుకోవద్దు." గొంతు పెంచి వంటింటి వైపు కేక వేశాడు. "ఏమోయ్, మనమ్మాయి సాధించింది! కాగితం తెమ్మను, సంతకం పెట్టేస్తా."

ఆమె కళ్ళు నిండిపోయాయి. నవ్వుతూనే లేచి, అప్పుడు తెర వైపు తిరిగింది.

ఊచలు.

రెండు స్తంభాల నడుమ, కత్తితో కోసినట్టు, నీలం, నలుపు, నీలం, నలుపు. ఏ ఫిల్టరూ లేదు, ఒక్క స్కాన్‌లైన్ కూడా లేదు. ఒక్క క్షణంలో ఆమెకు జరిగింది అర్థమైంది. ఆట ఫోల్డరు ఎక్కించింది గానీ సెట్టింగుల ఫైలు అందులో ఉండదు, పాత కంప్యూటర్లో వేరే చోట ఉంటుంది. అది దొరక్క ఆట దాని మూల పద్ధతిలో తెరుచుకుంది. ఇది పన్నెండోది కాదు. ఏడాది కిందట ఆయన జైలు ఊచలని తీసెయ్యమన్న మొదటిది.

"కాగితం తెస్తా పెదనాన్నా," అని ఎలాగో అని వంటింట్లోకి నడిచింది.

పెద్దమ్మ టీ కప్పులు తుడుస్తోంది. పిచ్చుక మొహం చూసి చేతిలో గుడ్డ పక్కన పెట్టింది.

"ఆయనకు నచ్చిందటగా? ఏడుస్తావేంటే?"

"పెద్దమ్మా, పెదనాన్న కళ్ళకు ఏమైంది?"

పెద్దమ్మ ఫ్రిజ్ వైపు చూసింది. పిచ్చుక కూడా అటు చూసింది. గళ్ళ కాగితం, నడుమ చుక్క. దగ్గరికి వెళితే అడుగున చిన్న అక్షరాల్లో కంటి ఆస్పత్రి పేరు అచ్చేసి ఉంది. ఇన్ని నెలలుగా చూస్తూ ఒక్కసారి కూడా ఆ అడుగున ఏముందో ఆమె చదవలేదు.

"రోజూ పొద్దున ఒక్కో కన్ను మూసుకుని ఆ చుక్క చూడమన్నారు," అంది పెద్దమ్మ గొంతు తగ్గించి. "గీతలు వంకర పోతున్నాయా, నడుమ మసక ఎంత పెరిగింది అని చూసుకోవాలట. రెండు కళ్ళకూ ఉంది. నెలనెలా కంట్లోకి సూది వేస్తున్నారు. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలుపుదామంటున్నారు. అదీ నిలవట్లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఆయన సంతకం కోసం చూడవట, జాలిపడి చేతికొచ్చింది చేసి ఇచ్చేస్తావట. నాతో ఒట్టు వేయించుకున్నాడు." పెద్దమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇన్ని నెలల తర్వాత ఇవాళే నవ్వాడే తల్లీ. నీకు దణ్ణం పెడతాను, ఏమీ అనకు. కాగితం మీద సంతకం పెట్టించుకో, తర్వాత నీకు ఏది సరి అనిపిస్తే అది పంపించుకో. ఆయనకు ఎలా తెలుస్తుంది?"

ఎలా తెలుస్తుంది! నిజమే. ఏది పంపినా ఆయనకు నీళ్ళే కనిపిస్తాయి. వంకర స్తంభాలు ఆ టీవీలో లేవు, ఏ టీవీలోనూ లేవు. తాను నెలల తరబడి చుక్కలు లెక్కపెట్టి వెతికిన వంకర ఆయన కంటి అడుగున ఉంది. ఈ ఊచలను నీళ్ళుగా కరిగించింది ఏ ఫిల్టరూ కాదు. ఆయన చూపు నడుమ కమ్ముకున్న మసకే ఆ పని చేసింది. ఫిల్టరు అయితే తగ్గించగలదు, పెంచగలదు, నచ్చకపోతే తీసేయగలదు. దీన్ని తాను ఏం చేయగలదు? పిచ్చుక పెద్దమ్మ పట్టు వదిలించుకుని, వంటింట్లో పెట్టిన తన సంచీలోంచి కాగితమూ పెన్నూ తీసుకుని హాల్లోకి వచ్చింది.

పెదనాన్న ఇంకా తెర వైపు ఓరగా చూస్తూనే ఉన్నాడు. మొహంలో వెలుగు అలాగే ఉంది.

"కూర్చో," అన్నాడు. "ఊఁ, ఇప్పుడు చెప్పు. ఏం మార్చావ్?"

రూలు ప్రకారం అడగాల్సిన ప్రశ్నే. నచ్చాక చెప్పాలి. ఏడాదిగా ఈ ప్రశ్నకు ఆమె ఎన్నిసార్లు మనసులో జవాబు తయారుచేసుకుందో లెక్కలేదు. అబద్ధం కూడా సిద్ధంగానే ఉంది. అడ్డంగా అర చుక్క కలిపాను, చీకటి గీతలు మూడుకు బదులు రెండు చేశాను, మెరుపు పెంచాను. నోరు తెరిచింది. గ్రాఫ్ కాగితం మీద ఆమెకు మొదటి గడీ నింపడం నేర్పిన మనిషి తల పక్కకు వంచి, వినడానికి ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పవే. ఎంత కలిపావ్?"

"కలపలేదు పెదనాన్నా."

"మరి?"

"ఏమీ లేదు. సెట్టింగుల ఫైలు తీసుకురావడం మర్చిపోయాను. ఏ ఫిల్టరూ పడలేదు. ఉత్త తొమ్మిది రెట్లే."

వంటింటి గుమ్మంలో పెద్దమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. పెదనాన్న తెర వైపు తిరిగాడు. ఓరగా కాదు, నేరుగా. ముందుకు వంగాడు. ఇంకా వంగాడు.

"అయితే ఊచలుండాలి," అన్నాడు.

"ఉన్నాయి."

"ఇప్పుడు కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి పెదనాన్నా."

ఆయన లేచి టీవీ దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి చాపి జలపాతం ఉన్న చోట తెర మీద అరచెయ్యి పెట్టాడు. ఆ నీలపు వెలుగు వేళ్ళ సందుల్లోంచి వస్తోంది.

"ముప్పై రెండు," అన్నాడు. "నేనే గీశాను. ఎడమ స్తంభం పక్కన మొదలై ముప్పై రెండు వరుసలు. అవునా?"

పిచ్చుక తెర మీద ఒక్కో ఊచా లెక్కపెట్టింది. లెక్క మధ్యలో రెండుసార్లు కన్నీళ్ళు అడ్డం వచ్చి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాల్సి వచ్చింది. ఆయన ఆగాడు, తొందరపెట్టలేదు.

"ముప్పై రెండే."

"ఒక్కటి కూడా కనబడ్డం లేదే పిచ్చుకా," అన్నాడు. కోపంగా అనలేదు. తనలో తాను ఏదో పోల్చుకుంటున్నవాడిలా అన్నాడు. "అంటే ఆ స్తంభాలు కూడా..."

"స్తంభాలు నిటారుగానే ఉన్నాయి."

"ఏడోదానిలో?"

"అన్నింట్లోనూ."

ఆయన వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఏడు నుంచి పదకొండు దాకా తాను తిప్పి పంపినవన్నీ తలుచుకుంటున్నాడో ఏమో, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచాడు. పిచ్చుక ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. చెప్పకుండా ఉంటే ఈ సాయంత్రం దాకా అయినా ఆ నవ్వు మిగిలేది. చెప్పి ఏం సాధించానని తన మీద తనకే అసహ్యం వేసింది.

"కాగితం ఇటివ్వు," అన్నాడు కాసేపటికి.

"ఇప్పుడెందుకు పెదనాన్నా, తేదీ జరుపుకుందాం. ఇంకో డాక్టరుకు..."

"ఇటివ్వు అన్నాను."

ఆమె కాగితం ఆయన ఒళ్ళో అట్ట మీద పెట్టింది. పెద్దమ్మ వచ్చి, ఒక కవరు తీసి సంతకం చేయాల్సిన గీత కింద దాని అంచు ఆనించింది. ఆయన వేలితో ఆ అంచు తడుముకుని, దాని మీదుగా పెన్ను నడిపాడు. ఇద్దరికీ ఇది అలవాటైన పనేనని పిచ్చుకకు అప్పుడు తెలిసింది. సంతకం సగం దాకా కుదురుగా వెళ్ళి చివర పైకి లేచిపోయింది.

"వెర్షన్ నంబరు?" అంది ఆమె.

"అది నువ్వు వేసుకో."

"చూడకుండా మీరు ఎన్నడూ దేనికీ..."

"చూశాను కదా," అన్నాడు. "పన్నెండు చూశాను. అందులో ఏవి నా కళ్ళతో చూశానో, ఏవి ఈ జబ్బుతో చూశానో నాకే తెలియదు. నీళ్ళెలా ఉండాలో నువ్వు చిన్నప్పుడు చూశావు. బల్లెక్కి కూర్చుని, చెయ్యి పెడితే తడవదా పెదనాన్నా అని అడిగావు. అలా ఉండాలి. వెళ్ళి వేసుకో."

ఆయన కంట్రోలర్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. పొట్టి మనిషి జలపాతం లోపలికి నడిచాడు. ఊచల వెనక ముక్కలు ముక్కలుగా కదిలాడు. పెదనాన్న మొహంలో మాత్రం అతను నీళ్ళలో తడుస్తూనే వెళ్ళాడు.

పిచ్చుక కాగితం పట్టుకుని అక్కడే కూర్చుంది. చెయ్యి పెడితే తడవదా అని అడిగిన మాట ఆమెకు గుర్తుంది. పెదనాన్న నవ్విన నవ్వు గుర్తుంది, బల్ల అంచు తొడలకు ఒత్తుకోవడం గుర్తుంది. నీళ్ళు గుర్తు లేవు. ఎంత పల్చగా ఉండేవో, వెనక రాయి ఎంత కనిపించేదో ఎంత వెతికినా దొరకలేదు. ఆరు వేయాలా, ఏడు వేయాలా, తొమ్మిది వేయాలా? అడగడానికి ఒక్క మనిషే ఉన్నాడు, ఆయన పక్కనే ఉన్నాడు. ఆమె పెన్ను మూత తీసింది, మళ్ళీ పెట్టింది. సంతకం కింద నంబరు గడి ఖాళీగానే ఉంది.